కట్ చేస్తే అందినట్టు

పచ్చ టిక్కు అంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. ఆఫీసులో అందరూ దాన్ని చూసి ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం అది ఏం చూడకుండా పచ్చబడిందో అని వెతుకుతాను. నా ఉద్యోగమే అది, టెస్టింగ్. సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోటల మధ్య పెరిగినదాన్ని. ఇంట్లో నన్ను అనుమానాల పుట్ట అనేవాళ్లు. ఆ గుణానికి నెలనెలా జీతం ఇచ్చేవాళ్లు ఉన్నారని తెలిశాక మారాల్సిన అవసరం కనిపించలేదు.

ఖమ్మంలో మా ఆఫీసు ఒక బట్టల కొట్టు మీద అంతస్తు. మనుషులం కొద్దిమందిమే. భద్రాచలం దాటాక అడవి అంచు గూడేల్లో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు మేము వరద హెచ్చరిక యాప్ చేసి ఇచ్చాం. వాగుల మీద కల్వర్టుల దగ్గర నీటిమట్టం కొలిచే పరికరాలు బిగించారు. నీళ్లు గీత దాటగానే యాప్ తనంతట తానే ఆ గూడెం జాబితాలో పేరున్న మనిషికి ఫోన్ చేస్తుంది. తెలుగులో ఒకసారి, కోయలో ఒకసారి రికార్డు చేసిన గొంతు వినిపిస్తుంది. వాగు పెరుగుతోంది, దాటాల్సినవాళ్లు ఇప్పుడే దాటండి. అంతే దాని పని.

ఆ పని ఎంత పెద్దదో నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఒక గూడేనికి వెనక గుట్టలు, ముందు వాగు, బయటికి దారి ఒకే ఒక్క కల్వర్టు. ఆ వాగు గూడెంలో వాన పడితే పొంగేది కాదు. గోదావరి పెరిగితే వాగు నీళ్లు అందులో కలవలేక వెనక్కి తన్నుతాయి. నెత్తిన ఎండ కాస్తుండగానే కల్వర్టు చప్పుడు లేకుండా మునిగిపోతుంది. అందుకని నెలలు నిండిన ఆడవాళ్లను నీళ్లు రాకముందే కల్వర్టు దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవాలి. ఆ బాధ్యత అక్కడి ఆశా కార్యకర్తది. ఊళ్లో అందరూ ఆమెను ఆశమ్మ అనే పిలుస్తారు. మా యాప్ మొదట ఫోన్ చేసేది ఆమెకు. ఆమె నుంచి జవాబు లేకపోతే రెండో ఫోన్ ఆటో డ్రైవర్‌కు. అతను కల్వర్టుకు ఇవతల, రోడ్డు మీది ఊళ్లో ఉంటాడు.

ఫోన్ వేళకు పోతే ఒక తల్లి దవాఖానాలో కంటుంది. పోకపోతే నీళ్ల మధ్య కంటుంది. మా స్క్రీన్ల మీద తిరిగేదంతా చివరికి అక్కడికే చేరుతుందని ఆ కల్వర్టు మీద నిలబడ్డ రోజు నాకు అర్థమై కొంచెం భయమేసింది.

మొదటి ఏడాది కొత్త వెర్షన్ పెట్టడమంటే మా లీడ్ చేతిపని. లీడ్ అంటే మా అందరి పనీ చూసుకునే కుర్రాడు, ఇల్లందులో బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. శనివారం మధ్యాహ్నం తలుపేసుకుని కూర్చుని, సర్వర్‌లోకి వెళ్లి, పాతది ఆపి, కొత్త ఫైళ్లు ఎక్కించి, మళ్లీ నడిపించేవాడు. ఒక శనివారం మా కాల్స్‌ను బయటికి పంపే ఫోన్ కంపెనీ గేట్‌వేకు తాళంచెవి లాంటి రహస్య కోడ్ తప్పుగా ఎక్కించాడు. యాప్ బాగానే నడుస్తోంది, కానీ ఒక్క కాల్ కూడా బయటికి పోవడం లేదు. సోమవారం నేను నా ఫోన్‌కు పరీక్ష కాల్ చేసుకుంటే తప్ప ఎవరికీ తెలియలేదు. అది ఎండాకాలం కాబట్టి బతికిపోయాం.

"ఇగ మనిషి చేతిల పెట్టద్దక్కా," అన్నాడు లీడ్. "మనిషన్నాక మర్చిపోతడు. అంతా దానంతటదే కావాలె."

నేనూ సరే అన్నాను. అందులో తప్పేం లేదు, ఇప్పటికీ లేదనే అంటాను. ముందు యాప్‌ను కంటైనర్‌లోకి మార్చాం. యాప్, దానికి కావాల్సిన లైబ్రరీలు, సెట్టింగులు అన్నీ కలిపి ఒకే మూట. ఆ మూటను లీడ్ లాప్‌టాప్‌లో విప్పినా, సర్వర్‌లో విప్పినా ఒకేలా నడుస్తుంది. నా దగ్గర పనిచేసింది కదా అనే సాకు చచ్చిపోయింది. ఆ సాకు వినీ వినీ చెవులు చిల్లులు పడి ఉన్నాను కాబట్టి నాకు పండగే.

తరువాత పైప్‌లైన్. ఎవరైనా తాము మార్చిన కోడ్‌ను అసలు కోడ్‌లో కలపగానే అది మొదలవుతుంది. కొత్త మూట కడుతుంది. చిన్న చిన్న పరీక్షలు నడుపుతుంది. తాత్కాలికంగా ఒక డేటాబేస్ కంటైనర్ లేపి దానితో కలిపి పరీక్షిస్తుంది. ఏ మార్పుతో కట్టిన మూటో తెలిసేలా ఆ మార్పు గుర్తునే దానికి పేరుగా పెట్టి భద్రపరుస్తుంది. ముందు ప్రయోగాల సర్వర్‌లో నడిపి చూస్తుంది. అక్కడ నిలబడితే అసలు సర్వర్‌లో ఒక్కో పాత కంటైనర్‌ను దించుతూ కొత్తది ఎక్కిస్తుంది. ఎక్కడ తప్పినా అక్కడే ఆగుతుంది. అసలు సర్వర్‌కు ఎక్కాక తప్పితే వెంటనే పాత మూటకు వెనక్కి పోతుంది. ఇదంతా కట్టడానికి మాకు ఒక చలికాలం పట్టింది. పరీక్షల్లో ఎక్కువ భాగం నేనే రాశాను.

మిగిలింది ఒక్క ప్రశ్న. ప్రయోగాల సర్వర్‌లో ఫోన్ గేట్‌వే ఉత్తుత్తిది, నిజంగా ఎవరికీ మోగదు. తాళంచెవి తప్పు మళ్లీ జరిగితే అది ఇక్కడ దొరకదు. అందుకని చివరన స్మోక్ టెస్ట్ ఒకటి పెట్టాలన్నాడు లీడ్. కొత్త వెర్షన్ అసలు సర్వర్‌కు ఎక్కగానే ఒక నిజమైన నంబర్‌కు ఒక నిజమైన కాల్. మోగిందా, పాస్. మోగలేదా, వెనక్కి.

"నా నంబర్ పెట్టు," అన్నాను.

"ఖమ్మంల టవర్ నెత్తి మీదనే ఉంటది. మోగకేం చేస్తది? అడివిల మోగాలె గద."

అదీ నిజమే. అలా ఆశమ్మ నంబర్ తెర మీదికి వచ్చింది. అడగడానికి మేమిద్దరం గూడెం వెళ్లాం. ఆమె అప్పుడే ఎవరి ఇంట్లోనో బాలింతను చూసి వస్తోంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చేతిలో గొడుగు. మేము చెప్పింది విని ఆమెకు నవ్వొచ్చింది.

"ఫోన్ ఎత్తి మీ టేపు మొత్తం ఇనాల్నా ఏంది? నాకు పని లేదా? గట్ల గాదు. మోగంగనే కట్ చేస్త. కట్ చేస్తే అందినట్టు. మా కాడ గంతే."

ఇది ఆమె కనిపెట్టింది కాదు. మా వైపు అందరి పద్ధతీ ఇదే. బస్సు దిగగానే ఇంటికి ఒక రింగు ఇస్తాం, ఇంట్లోవాళ్లు కట్ చేస్తారు. చేరాను అని ఇటు, తెలిసింది అని అటు, రూపాయి ఖర్చు లేకుండా. పొలంలో మోటారు వేయమని కూలీకి చెప్పాలన్నా, పాలు తెమ్మని చెప్పాలన్నా ఒక రింగు, ఒక కట్. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్న సంగతి కాబట్టి అందులో భయపడాల్సింది ఏమిటో ఆ క్షణాన నాకూ తట్టలేదు. లీడ్ అయితే సంతోషంతో ఉబ్బిపోయాడు. ఫోన్ మోగి, అవతలి మనిషి కట్ చేస్తే గేట్‌వే మాకు తిరస్కరించారు అని తిరిగి చెబుతుంది. సిగ్నల్ లేకపోతే అందుబాటులో లేదు అని చెబుతుంది. తేడా స్పష్టంగా తెలుస్తుంది. తిరస్కరిస్తే పాస్ అని అక్కడే, ఆమె పోసిన టీ తాగుతూ లాప్‌టాప్‌లో రాసేశాడు.

అంతవరకైతే బాగానే ఉండేది. ఆ వానాకాలం మొదట్లో చిన్నగా నీళ్లు వచ్చినప్పుడు చుట్టుపక్కల గూడేల వాళ్లందరూ ఇదే చేశారు. నంబర్ చూడగానే విషయం అర్థమై, కట్ చేసి, పనికి పరుగెత్తారు. కట్ చేశారు కాబట్టి వినలేదనుకుని యాప్ రెండో మనిషికి, మూడో మనిషికి మోగించింది. ఊళ్లకు ఊళ్లు విసుక్కున్నాయి. సంస్థ వాళ్లు మాకు చెప్పారు, కట్ చేసినా అందినట్టే రాసుకోండి, తరువాతి వాళ్లకు చేయకండి అని.

నేను ఒప్పుకోలేదు. టెస్ట్‌లో మనకు కావాల్సింది ఫోన్ మోగడం. హెచ్చరికలో కావాల్సింది మనిషికి తెలియడం. రెండూ ఒకటి ఎలా అవుతాయి?

"అక్కా, నువ్వు ఖమ్మంల కూసోని మాట్లాడుతున్నవ్," అన్నాడు లీడ్. "వాడేది వాళ్లు. వాళ్లే అంటున్నరు కట్ చేస్తే అందినట్టని. మనమెవ్వరం కాదననీకి?"

నాకు ఒళ్లు మండింది. వాడుకునేవాళ్ల మాట వినాలని మీటింగుల్లో నేనే ఎన్నిసార్లు చెప్పానో. ఆ మార్పు కలిపేశారు. పైప్‌లైన్ తన పని తాను చేసుకుంది. ఆశమ్మ ఫోన్ మోగింది, ఆమె కట్ చేసింది, పచ్చ టిక్కు పడింది.

చేతితో పెట్టే రోజుల్లో నెలకు ఒక్క విడుదల. ఇప్పుడు మూట కట్టడానికీ పరీక్షించడానికీ ఎవరూ చెమటోడ్చనక్కర్లేదు కాబట్టి మా వాళ్లు అయినదానికీ కానిదానికీ కోడ్ కలపడం మొదలుపెట్టారు. బటన్ రంగు మార్చితే ఒక విడుదల. రిపోర్టులో అక్షరం దిద్దితే ఒకటి. దిద్దింది బాగాలేదని మళ్లీ దిద్దితే ఇంకొకటి. పైప్‌లైన్లు కట్టుకునేది ఇందుకే, చిన్న మార్పులు తరచుగా పంపుకోవడానికే. పుస్తకాల్లోనూ అదే రాసి ఉంటుంది. ఆ చివరి గడిలో ఒక మనిషి కూర్చుని ఉందన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక మధ్యాహ్నం ఆశమ్మ నాకు ఫోన్ చేసింది. మామూలుగా గలగలా మాట్లాడే మనిషి, ఆరోజు పలకరింపు కూడా లేదు.

"మేడం, నేను కాన్పు కాడ ఉన్న. చేతులకు నెత్తురున్నది. మీ ఫోన్ ఒకటే మోగుడు. గిన్నిసార్లు దేనికి మేడం?"

"తప్పైంది అక్కా. తగ్గించమని చెప్తా."

"తగ్గించుర్రి. నాకు మస్తు ఇసుగొస్తున్నది."

వెంటనే లీడ్ దగ్గరికి వెళ్లాను. విని తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే బాధపడ్డాడు. రోజుకు ఒక్కసారే కాల్ పోయేలా మారుస్తానన్నాడు, పనుల బోర్డు మీద అప్పుడే ఎక్కించాడు కూడా. దాని పైన మాత్రం సంస్థ వాళ్లు అడిగిన పనులు వరుసగా ఉన్నాయి. పెద్ద వానలు ముంచుకొస్తున్నాయి. మనిషి విసుగు కదా, యాప్ తప్పు కాదు కదా అని ఆ చీటీ అట్టడుగునే ఉండిపోయింది. వారం వారం దాన్ని పైకి జరిపేదాన్ని. వారం వారం అది కిందికి జారేది.

తరువాత కొన్నాళ్లకు మా పైప్‌లైన్ వేగం పెరిగింది. మొదలైన దగ్గర నుంచి చివరి టిక్కు దాకా పట్టే సమయం తగ్గిందని లీడ్ అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. మూటలు కట్టేటప్పుడు మారని భాగాలను మళ్లీ కట్టకుండా దాచుకునే ఏర్పాటు ఏదో చేశాడు, దాని వల్లే అన్నాడు. నేను బజ్జీ పక్కన పెట్టాను. కారణం ఫలానా అని అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. సీటుకు వెళ్లి ఒక్కో దశకూ పట్టిన సమయం చూసుకుంటూ పోయాను. మూట కట్టే దశ కొంచెం తగ్గింది, నిజమే. బాగా తగ్గింది మాత్రం ఆఖరి దశ. స్మోక్ టెస్ట్.

పాత కాల్స్ వివరాలుండే లాగ్‌లు తీశాను. మొదట్లో ఆశమ్మ ఫోన్ కాసేపు మోగేది. సంచిలోంచి తీసి, చూసి, కట్ చేసేంత సేపు. తరువాత ఆ సేపు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు అసలు మోగడమే లేదు. కాల్ చేరిన క్షణానే తిరస్కరించారు అని జవాబు. ప్రతిసారీ అంతే. పొద్దున అంతే, సాయంత్రం అంతే.

ఏ మనిషీ అంత తొందరగా కట్ చేయదు.

లీడ్‌ను పిలిచి చూపించాను. "నెట్‌వర్క్ మంచిగైంది కావచ్చక్కా," అన్నాడు. "తిరస్కరించిందంటే ఫోన్ ఆన్‌ల ఉన్నట్టే గద. లేకుంటే అందుబాటుల లేదనే వస్తది."

"ఫోన్ ఉంది. మనిషి ఉందా అని అడుగుతున్నా."

"నువ్వే ఓపాలి ఫోన్ చేసి చూడు మరి."

చేశాను. నా సొంత ఫోన్ నుంచి. అందుబాటులో లేదు. కాసేపాగి మళ్లీ చేశాను, మళ్లీ అదే. గుట్ట అవతల ఏ ఇంటికో వెళ్లి ఉంటుంది, అక్కడ సిగ్నల్ ఉండదు. మరునాడు చేద్దామనుకున్నాను. మరునాడు ఖమ్మంలో ఎండ కాసింది. వాన జాడ లేదు. ఎగువన మాత్రం వారం నుంచి కురుస్తూనే ఉందని పొద్దున టీవీలో చెబుతూ ఉంటే, ఇంట్లో టిఫిన్ చేస్తూ విన్నాను.

ఆఫీసుకు వెళ్లేసరికి గోడ మీది పెద్ద స్క్రీన్‌లో ఆ గూడెం కల్వర్టు దగ్గర నీటిమట్టం చూపే గీత పైకి లేస్తోంది. ప్రమాద హద్దు దాటింది. యాప్ ఫోన్ చేసింది. పక్కన మాట మారింది: అందింది.

మా వాళ్లు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. అంత పెద్ద వరదకు యాప్ మొదటిసారి పనిచేయడం, అదీ క్షణం ఆలస్యం లేకుండా. నేను కాల్ వివరం తెరిచాను. మోగిన సమయం సున్నా. తిరస్కరించారు. అందువల్ల అందింది. అందింది కాబట్టి ఆటో డ్రైవర్‌కు ఫోన్ పోలేదు.

"ఆమెకు తెలియదు," అన్నాను. "ఎవరికీ తెలియదు."

నేను ఆశమ్మకు చేస్తూ కూర్చున్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఫోన్ ఎక్కడో పెట్టి, తను ఎక్కడో ఉన్నట్టుంది. లీడ్ ఆటో డ్రైవర్ నంబర్ వెతుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే మా వెనక సీటులో ఎవరో పొద్దున్నే కలిపిన మార్పు తాలూకు పైప్‌లైన్ ఆఖరి దశకు వచ్చింది. స్క్రీన్ మూలన వరుసగా టిక్కులు పడ్డాయి. మూట కట్టడం, పచ్చ. పరీక్షలు, పచ్చ. అసలు సర్వర్, పచ్చ. ఆశమ్మ నంబర్‌కు కాల్, తిరస్కరించారు, పచ్చ. అన్నీ బాగున్నాయి అని ఆఫీసు గ్రూపులో మెసేజ్ వచ్చి పడింది. వరద గీత దాని పక్కనే ఎక్కుతూ ఉంది. నా జీవితంలో అంత అసహ్యంగా దేన్నీ చూడలేదు.

డ్రైవర్ దొరికాడు. లీడ్ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాడు.

"నాకేం ఫోన్ రాలే సార్," అన్నాడు అతను. "ఇప్పుడే వాగు కాడికొచ్చిన. కల్వర్టు కానొస్తలేదు. మీద సుడులు తిరుగుతున్నయ్ నీళ్లు. ఆటో గాదు, ట్రాక్టర్ గూడ పోదు."

"గూడెంల నెలలు నిండినోళ్లు ఉన్నరా?" అని లీడ్ అడిగాడు.

"అవ్ సార్, ఒకామె ఉన్నది. మొన్ననే ఆశమ్మ చెప్పింది, నీళ్ల ఫోన్ రాంగనే తోల్కపోవాలె, తయారుగుండు అని. నేను ఫోన్ కోసమే చూస్తున్న."

ఆ మాట తరువాత మాట్లాడే అర్హత మాలో ఎవరికీ ఉన్నట్టు అనిపించలేదు. లీడ్ సంస్థ వాళ్లకు, వాళ్లు అధికారులకు, అధికారులు పడవ వాళ్లకు ఫోన్లు చేశారు. పడవ నీటి పోటుకు దాటలేక ఆగి, నీళ్లు కొంచెం నెమ్మదించాక వెళ్లింది. వెళ్లేసరికి ఆ అమ్మాయి ఇంట్లోనే కనేసింది. తల్లిని తీసుకొచ్చారు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. దవాఖానాలో ఉంటే బతికేదా అని సంస్థ డాక్టరమ్మను అడిగాను. ఆవిడ మాట మార్చింది.

నీళ్లు తీశాక గూడెం వెళ్లాను. కల్వర్టు మీద బురద, కొట్టుకొచ్చిన వెదురు. లీడ్ రానన్నాడు. అతను రాకపోవడమే మంచిదైంది, వస్తే నేను ఏదో ఒకటి అనేసేదాన్ని. ఆశమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. వాళ్ల ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి.

కాసేపటికి తనే ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. బ్లాక్ చేసిన నంబర్ల పేజీ. లోన్లు ఇస్తామని పీడించే నంబర్ల మధ్య మా నంబర్.

"మీటింగుల ఉంటే మోగుతది. కాన్పు కాడ మోగుతది. అన్నం కాడ మోగుతది," అంది. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది. "కట్ చేసుడు గూడ పనే అయింది మేడం. మా మరదలు చెప్పింది, గిట్ల పెట్టుకో వదినా, దానంతటదే కట్ అయితదని. కట్ అయితే మీకు అందినట్టే గద, మీ పని ఆగదు గద అని పెట్టుకున్న."

మా పని ఆగకూడదని కూడా ఆలోచించింది ఆమె. లీడ్ అన్న మాటే ఆమె నోటా వచ్చింది, దానంతటదే. అటు మా యంత్రం దానంతటదే చేస్తుంటే, ఇటు ఆమె ఫోన్ దానంతటదే కట్ చేసింది. మధ్యలో మనిషి ఎవరూ లేరు. వాగు ఎక్కిన రోజు కూడా ఆ రెండూ మాట్లాడుకుని, అంతా బాగుందని మాకు చెప్పాయి.

"అసలు నీళ్ల ఫోన్ గూడ గదే నంబర్ నుంచి వస్తదని నాకెవ్వరు చెప్పిండ్రు మేడం?"

ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలుసనే మేమందరం అనుకున్నాం. ఫోన్ ఆమె చేతికి తిరిగి ఇచ్చేశాను. పక్క ఇంటి గోడ మీద చిన్న చిన్న గుడ్డలు ఉతికి ఆరేసి ఉన్నాయి, ముందే కుట్టి పెట్టుకున్నవి. ఇక చూడలేకపోయాను. ఆ అరుగు మీదే కూర్చుని ఏడ్చాను. ఆశమ్మ కొంగు కూడా అందివ్వలేదు.

ఖమ్మం తిరిగి వచ్చేసరికి లీడ్ మార్పులన్నీ రాసి పెట్టాడు. టెస్ట్ కాల్ ఇక మనిషికి పోదు. గూడెం బడి గోడకు ఒక ఫోన్ పరికరం బిగిస్తాం, మోగగానే అదే ఎత్తి, వచ్చిన గొంతు సరైనదో కాదో చెబుతుంది. టెస్ట్ నంబర్ వేరు, హెచ్చరిక నంబర్ వేరు. హెచ్చరిక ఎత్తి, విని, ఒకటి నొక్కితేనే అందినట్టు. కట్ చేస్తే అందనట్టే. వెంటనే రెండో మనిషికి, ఆ తరువాత మూడో మనిషికి. ఎవరూ నొక్కకపోతే మా ఫోన్లకు. నేను వాటికి పరీక్షలు రాశాను. మోగకుండానే కట్ అయిన కాల్‌కు ఒకటి ముందు రాశాను. కలిపే బటన్ దగ్గరికి వచ్చాక లీడ్ లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"నువ్వే నొక్కక్కా," అన్నాడు. నొక్కాను. పచ్చ టిక్కులు పడ్డాయి. ఎవరం సంతోషించలేదు.

మరుసటి వానాకాలానికి ముందు ఒక రిహార్సల్ చేయాలన్నారు సంస్థవాళ్లు. హెచ్చరిక నంబర్ నుంచే, అసలు గొంతుతోనే, అన్ని గూడేలకూ. ముందురోజే అందరికీ చెప్పారు, ఇది ఉత్తదే అని. ఆశమ్మ ఎత్తింది, విన్నది, ఒకటి నొక్కింది. స్క్రీన్ మీద సరిగ్గానే వచ్చింది. నాకు సరిపోలేదు. నా ఫోన్ నుంచి ఆమెకు చేశాను. మొదటి రింగు పూర్తి కాకముందే ఎత్తింది.

"నిజందా మేడం, ఉత్తదా?" హలో కూడా లేదు. రొప్పుతోంది.

"ఉత్తదే అక్కా. నిన్న చెప్పారు కదా, రిహార్సల్."

"చెప్పిండ్రు."

వెనక ఆటో ఇంజన్ చప్పుడు. ఎవరో ఆడమనిషి నెమ్మదిగా, నెమ్మదిగా అంటోంది.

"ఏం చేస్తున్నావక్కా?"

"అదే ఇంట్ల పిల్లకు మల్లా నెలలు నిండినయ్. బండి ఎక్కిస్తున్న."

"అక్కా, నీళ్లు లేవు. ఎండ కాస్తోంది. ఇది ఉత్తదే అంటున్నా కదా."

"మీరు ఉత్తదంటరు, ఇంకోపాలి నిజమంటరు," అంది ఆశమ్మ. "నాకెట్ల తెలుస్తది మేడం? మీ ఫోన్ మోగింది. తోల్కపోతున్న."